అర మార్కులు ఎక్కడ పోయాయి?

ఎనిమిది మార్కుల ప్రశ్నకు అయిదున్నర వేసిన ఒక జవాబు కాగితం ఈమధ్య నా చేతికొచ్చింది. రాసింది పదో తరగతి తెలుగు మీడియం అమ్మాయి. పరీక్ష బడిలో పెట్టిన ప్రీ ఫైనల్. ప్రశ్న అందరికీ తెలిసిందే: ఓమ్ నియమాన్ని తెలిపి, ప్రయోగం ద్వారా సరిచూసే విధానం రాయండి, వాహక నిరోధం ఏయే అంశాలపై ఆధారపడుతుందో చెప్పండి. కాగితంలో ఎక్కడా పెద్ద తప్పు లేదు. పటం ఉంది, పట్టిక ఉంది, గ్రాఫు ఉంది, చేతిరాత ముత్యాల్లా ఉంది. మొదట దిద్దినవారు ఒక్క పదం కింద కూడా ఎర్రగీత గీయలేదు. మార్జిన్‌లో అంకెలు వేసి, కూడి, పైన చుట్టేశారు. రెండున్నర మార్కులు ఎక్కడ పోయాయో కాగితం చూసి చెప్పడం కష్టం.

ఆ కాగితాన్ని ఆ అమ్మాయికి ఫిజిక్స్ చెప్పే మాస్టారు పెన్సిల్‌తో రెండోసారి చదివారు. మార్కులు పెంచడానికి కాదు, పోయిన మార్కుల ఆచూకీ తీయడానికి. ఆ పెన్సిల్ గుర్తులున్న కాగితమే నేను చూసింది. మొదటి నుంచి చివరిదాకా చదివాక నాకు రెండు పనితనాలు కనబడ్డాయి. ఒకటి ఆ పిల్ల జవాబు కట్టిన తీరు, రెండోది మాస్టారు దాన్ని విప్పిన తీరు.

ముందు పిల్ల పనితనం. వలయపటంలో అమ్మీటర్‌ను శ్రేణిలో, వోల్ట్‌మీటర్‌ను తీగ రెండు చివరలకూ సమాంతరంగా పెట్టింది. ఆ రెండు మీటర్లకూ ధన, రుణ గుర్తులు సరిగ్గా వేసింది. చాలామంది ఇక్కడే తడబడతారు. నిరోధంగా తీసుకున్నది నిక్రోమ్ తీగ. ఒక ఘటంతో మొదలుపెట్టి, ఒక్కొక్కటి చేరుస్తూ నాలుగు ఘటాలదాకా వెళ్లింది. రీడింగులు పుస్తకంలోంచి దింపినవి కావు. పుస్తకపు రీడింగులైతే ఒకటిన్నర, మూడు, నాలుగున్నర, ఆరు అని గుండ్రంగా ఉండేవి. ఈమె రాసినవి ఇవి: 1.3 వోల్టులకు 0.33 ఆంపియర్లు, 2.4కు 0.60, 3.3కు 0.82, 4.0కు 1.00. భాగించి చూస్తే ప్రతిసారీ నాలుగు ఓమ్‌లకు అటూ ఇటూగా వస్తుంది. బల్ల దగ్గర నిలబడి మీటరు ముల్లు చూసిన పిల్లే ఇలాంటి అంకెలు రాయగలదు.

అన్నిటికంటే నాకు నచ్చింది పద్ధతి రాసిన చోట మధ్యలో వేసిన ఒక వాక్యం. “స్విచ్ ఎక్కువసేపు వేసి ఉంచితే తీగ వేడెక్కి రీడింగ్ కదిలిపోతుంది. అందుకని రీడింగ్ చూడగానే స్విచ్ ఆపేయాలి.” ఇది ఏ గైడులోనూ దొరికే వాక్యంలా లేదు. ఈ వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, దీనితో పనుంది.

ఇక నియమం. ఆమె ఇలా రాసింది: “ఉష్ణం మారనప్పుడు వాహకం చివరల మధ్య పొటెన్షియల్ భేదం, దానిలో ప్రవహించే విద్యుత్ ప్రవాహానికి సమానంగా ఉంటుంది.” గబగబా చదివితే తప్పు దొరకదు. రెండు మార్కులుండాల్సిన చోట ఒకటే పడింది. మాస్టారు రెండు పదాల చుట్టూ సున్నాలు చుట్టారు. ‘ఉష్ణం’ పక్కన మార్జిన్‌లో ‘మా’ అని, ‘సమానంగా’ పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అడిగితే చెప్పారు: ‘మా’ అంటే మాట తప్పింది, ‘భా’ అంటే భావం తప్పింది. ఏదో తేలకపోతే ప్రశ్నార్థకం. ఈ మూడు గుర్తుల్లోనే ఆయన విద్య అంతా ఉంది. మార్కు రెండు రకాల తప్పులకూ ఒకేలా పోతుంది కానీ, సరిదిద్దే పద్ధతి మాత్రం ఒకటి కాదు.

ఉష్ణం, ఉష్ణోగ్రత ఇంట్లో ఒకటే. “ఒళ్లు వేడిగా ఉంది” అంటే థర్మామీటర్ మాట, “ఎండ వేడి” అంటే ఒంటికి సోకే శక్తి మాట. రెండింటికీ మనకు వేడి అన్న మాట చాలు. ఫిజిక్స్‌లో చాలదు. ఒక వస్తువు నుంచి ఇంకోదానికి వెళ్లే శక్తి ఉష్ణం, దాన్ని జౌళ్లలో కొలుస్తారు. వస్తువు ఎంత వేడిగా ఉందో చెప్పేది ఉష్ణోగ్రత, దాన్ని డిగ్రీల్లోనో కెల్విన్లలోనో కొలుస్తారు. ఇప్పుడు ఆమె వాక్యాన్ని మళ్లీ చదవండి. నిక్రోమ్ తీగలో విద్యుత్ ప్రవహిస్తున్నంతసేపూ ఉష్ణం పుడుతూనే ఉంటుంది, అది ఆగేది స్విచ్ ఆపినప్పుడే. పుట్టినంత ఉష్ణం ఎప్పటికప్పుడు చుట్టూ ఉన్న గాలిలోకి పోతూ ఉంటే ఉష్ణోగ్రత మారకుండా నిలబడవచ్చు. కాబట్టి నియమానికి కావలసింది ఉష్ణోగ్రత నిలకడే. ఉష్ణం మీద షరతు పెడితే అది ఏం చెబుతోందో కూడా అంతుపట్టదు.

ఈ షరతు ఎందుకంత ముఖ్యమో పాత రకం ఫిలమెంటు బల్బు చెబుతుంది. 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల బల్బు తీగ నిరోధం వెలుగుతున్నప్పుడు సుమారు 880 ఓమ్‌లు. ఆరిపోయి చల్లారాక కొలిస్తే అందులో పదోవంతు కూడా ఉండదు. తీగ అదే, పొడవు అదే, మారింది ఉష్ణోగ్రత. అందుకే దిద్దేవారు ఆ ఒక్క పదం కోసం వెతుకుతారు, దానికి అర మార్కు విడిగా కేటాయిస్తారు.

మరి ఇది మాట తప్పా, భావం తప్పా? మాస్టారు ‘మా’ అని ధైర్యంగా ఎలా రాయగలిగారు? పైన నేను గుర్తు పెట్టుకోమన్న వాక్యమే సాక్ష్యం. తీగ వేడెక్కితే రీడింగ్ కదిలిపోతుందని, అందుకే స్విచ్ వెంటనే ఆపాలని రాసిన పిల్లకు ఉష్ణోగ్రత షరతు తెలియదని ఎలా అనగలం? తెలుసు. చేతులతో చేసి తెలుసుకుంది. నియమం రాసేటప్పుడు మాత్రం నోటికి దగ్గరగా ఉన్న పదం పడింది. ఆయన ఆ రెండు వాక్యాల మధ్య పెన్సిల్‌తో ఒక బాణం గీశారు, అంతే. ఇంకేమీ రాయలేదు. కాగితంలో ఉన్న ఒక వాక్యంతో మరో వాక్యాన్ని దిద్దించడం నేను చాలా తక్కువ చోట్ల చూశాను.

‘సమానంగా’ సంగతి వేరు. అనులోమానుపాతం అన్నది పలకడానికే బద్ధకించే మాట. దాని బదులు సమానం అని రాయడం బద్ధకం కావచ్చు, లేదా నిజంగా తేడా తెలియకపోవచ్చు. వోల్టులూ ఆంపియర్లూ సమానం కాలేవు, అవి వేరువేరు రాశులు. ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపు అవుతుందన్నదే నియమం. కాగితంలో గ్రాఫు సరిగ్గా మూలబిందువు గుండా సరళరేఖగా ఉంది, V = IR అని కూడా రాసింది. కానీ సూత్రం బట్టీ పట్టి కూడా రాయవచ్చు. అందుకే ఆయన ప్రశ్నార్థకం పెట్టి వదిలి, పిల్లను పిలిచినప్పుడు ఒకే ప్రశ్న అడిగారట: రెండు ఘటాలకు 2.4 వోల్టులు, 0.6 ఆంపియర్లు వచ్చాయి కదా, ఇవి సమానమా అని. ఆమె నవ్వి, “కాదు సార్, నాలుగు రెట్లు” అందిట. ప్రశ్నార్థకం చెరిపి ‘మా’ రాశారు.

మూడో సున్నా పద్ధతిలో ఉంది. “ఘటాల నుంచి వచ్చిన కరెంటు తీగలో ఖర్చై, మిగిలింది తిరిగి బ్యాటరీకి చేరుతుంది.” ఇక్కడ మార్జిన్‌లో పెద్ద ప్రశ్నార్థకం ఉంది. మాస్టారు ఎక్కువసేపు ఆగింది ఇక్కడేనని పెన్సిల్ గీతల చిక్కదనమే చెబుతోంది. నా లెక్కలో ఈ కాగితం మొత్తంలో ప్రమాదకరమైన వాక్యం ఇదే.

తెలుగు ఇళ్లలో కరెంటు చేయని పని లేదు. కరెంటు వస్తుంది, పోతుంది, ఎక్కువొస్తుంది, తక్కువొస్తుంది, షాక్ కొడుతుంది, కాలుతుంది, ఖర్చవుతుంది, బిల్లు వస్తుంది. ఈ ఒక్క మాటలో విద్యుత్ ప్రవాహం, పొటెన్షియల్ భేదం, విద్యుచ్ఛక్తి, సరఫరా అన్నీ ఇరుక్కున్నాయి. బిల్లులో మనం డబ్బు కట్టేది శక్తికి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. ఖర్చయ్యేది అదే. విద్యుత్ ప్రవాహం ఖర్చు కాదు. తీగలో ఒక చివర ఎంత ఆవేశం సెకనుకు లోపలికి వెళుతుందో, రెండో చివర అంతే బయటికి వస్తుంది. ఆమె తీగలో ఒక ఆంపియర్ ప్రవహించినప్పుడు, తీగకు ముందు పెట్టినా తర్వాత పెట్టినా అమ్మీటర్ ఒక ఆంపియరే చూపిస్తుంది.

ఈ వాక్యం వెనుక రెండు రకాల పిల్లలుంటారు. ఒకరు ఇంటి మాట రాసినవారు. రెండోవారు నిజంగానే విద్యుత్ ప్రవాహం దారిలో అరిగిపోతుందని నమ్మేవారు. రెండో రకం పిల్ల రెండు బల్బుల శ్రేణి సంధానం లెక్క వస్తే మొదటి బల్బు ఎక్కువ వెలుగుతుందని రాస్తుంది, ఆ లెక్క మొత్తం పోతుంది. ఇంతకంటే ముఖ్యంగా, తర్వాత చదివే పాఠాలన్నిటిలో ఆ భావం వెంటాడుతుంది. అందుకని దీన్ని తేల్చకుండా వదలకూడదు. మాస్టారు అడిగినది ఇదీ:

“రెండు బల్బులు ఒకదాని తర్వాత ఒకటి కలిపామమ్మా. మొదటి బల్బు దాటాక అమ్మీటర్ పెడితే ఎంత చూపిస్తుంది?”

“అంతే చూపిస్తుంది సార్.”

“మరి ఖర్చైందని రాశావే?”

“ఇంట్లో అలాగే అంటాం కదా సార్. ఫ్యాను వేసి వదిలేస్తే అమ్మ కరెంటు ఖర్చైపోతోందంటుంది.”

“అమ్మ అన్నది తప్పు కాదు. అమ్మ చెబుతున్నది దేని గురించి?”

కాసేపు ఆలోచించి, “శక్తి సార్” అందిట. మాస్టారు అమ్మ మాటను తప్పు పట్టకుండా జాగ్రత్తపడిన తీరు చూడండి. ఇంటి మాట అబద్ధమని చెప్పి ఉంటే పిల్ల దాన్ని పరీక్ష కాగితంలో మాత్రమే మానేస్తుంది. ఇంటి మాట దేని గురించో తేల్చాక రెండూ తలలో వేరువేరు గదుల్లో కూర్చుంటాయి.

ఇక్కడ ఇంకో సంగతి. కాగితంలో మరోచోట ఆమె ‘వోల్టేజి’ అని రాసింది. దాని చుట్టూ సున్నా లేదు. పాఠ్యపుస్తకాల్లో వాడుకలో ఉన్న మాటే అది, అర్థం కూడా చెదరలేదు. అలాగే ‘తీగ’, ‘స్విచ్’, ‘వేడెక్కి’ అన్నవాటి జోలికీ ఆయన పోలేదు. కొందరు దిద్దేవారు తీగను వాహకతంత్రి చేసేదాకా నిద్రపోరు. అది పాండిత్యం కావచ్చు, శాస్త్రం కాదు. అర్థం మారిన చోటే పెన్సిల్ ఆనించాలన్న నిగ్రహం ఈ కాగితం నిండా ఉంది.

నాలుగో అర మార్కు నిరోధం ఆధారపడే అంశాల్లో పోయింది. “తీగ పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది. మందం రెట్టింపైతే నిరోధం సగమవుతుంది.” మొదటి వాక్యం పక్కాగా సరైనది. రెండోది సరైనదానికి ఎంత దగ్గరగా ఉందంటే, దిద్దేవారిలో కూడా కొందరు దాటిపోతారు. ఇక్కడ మార్జిన్‌లో ‘భా’ అని ఉంది, కాగితం మొత్తంలో ఒక్కటే ‘భా’.

నిరోధం విలోమానుపాతంలో ఉండేది తీగ మధ్యచ్ఛేద వైశాల్యానికి. మందం అంటే మనకు వ్యాసం. అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న తీగ బదులు అదే పొడవున్న ఒక మిల్లీమీటరు తీగ తీసుకుంటే వ్యాసం రెట్టింపైంది, కానీ వైశాల్యం నాలుగు రెట్లయింది. నాలుగు ఓమ్‌లున్న నిరోధం ఒక ఓమ్‌కు దిగుతుంది. ఆమె వాక్యం ప్రకారమైతే రెండు ఓమ్‌లు రావాలి. “తీగ లావైతే నిరోధం తగ్గుతుంది” అని మాత్రమే రాసి ఉంటే ఎవరూ మార్కు కోసేవారు కాదు. లావు అన్న మాట దిశను చెబుతుంది, లెక్కను చెప్పదు. ‘రెట్టింపు’, ‘సగం’ అని లెక్కలోకి దిగగానే ఏ రాశి రెట్టింపైందో కచ్చితంగా చెప్పి తీరాలి. బిట్ పేపర్లో ఇదే ప్రశ్న వస్తే సగం, నాలుగో వంతు అన్న రెండు జవాబులూ పక్కపక్కనే ఉంటాయి. మందం అన్న మాటతో ఆలోచించే పిల్ల సగం వైపే చెయ్యి చాపుతుంది. ఆయన దీన్ని మాట తప్పుగా రాయకపోవడం నాకు సబబుగా తోచింది. పదం ఒక్కటి మారిస్తే వాక్యం సరి అవుతుంది నిజమే, కానీ మందం, వైశాల్యం ఒకేలా పెరుగుతాయన్న అపోహ తలలో అలాగే ఉంటుంది. అందుకని మార్జిన్‌లో రెండు వృత్తాలు గీశారు, ఒకదాని వ్యాసం రెండోదానికి సరిగ్గా రెట్టింపు. పెద్దదానిలో చిన్న వృత్తం వైశాల్యాలు ఎన్ని పడతాయో లెక్క చూడమని పిల్లకు వదిలారు.

అదే పేపర్లో మరో చిన్న లెక్క ఉంది. ఒక వేయి వాట్ల ఇస్త్రీపెట్టె అరగంట వాడితే ఎన్ని యూనిట్లు? ఆమె “ఇస్త్రీపెట్టె శక్తి 1000 వాట్లు, ఖర్చైన శక్తి 0.5 కిలోవాట్” అని రాసింది. జవాబు అంకె సరైనదే, మార్కు సగమే వచ్చింది. తెలుగులో శక్తి బలానికీ చాలు, సామర్థ్యానికీ చాలు, అమ్మవారికీ చాలు. పరీక్షలో వాట్లు సామర్థ్యానివి, జౌళ్లూ కిలోవాట్ అవర్లూ శక్తివి. సెకనుకు ఎంత శక్తి వాడుతుందో చెప్పేది సామర్థ్యం. వేయి వాట్లు అరగంట నడిస్తే 0.5 కిలోవాట్ అవర్ శక్తి. మాస్టారు దీని మీద ఎక్కువసేపు ఆగలేదు. ఎందుకంటే దీన్ని పిల్ల తనంతట తానే పట్టుకోగల ఉపాయం ఒకటి అప్పటికే నేర్పారు.

ఆ ఉపాయం ప్రమాణం పెట్టి చదవడం. రాసిన ప్రతి రాశి పక్కన దాని ప్రమాణాన్ని మనసులో పెట్టుకుని వాక్యాన్ని మళ్లీ చదవాలి. “జౌళ్లు మారనప్పుడు” అంటే ఏమిటి? నియమం చెప్పేది డిగ్రీల గురించి కదా, అని ఉష్ణం దగ్గర పిల్ల ఆగుతుంది. “వోల్టులు ఆంపియర్లకు సమానం” అనగానే నవ్వొస్తుంది. “ఆంపియర్లు ఖర్చయ్యాయి” అనగానే అమ్మీటర్ గుర్తొస్తుంది. “ఇస్త్రీపెట్టె ఇన్ని జౌళ్లు, వేయి వాట్లు” అని ఒకే రాశికి రెండు ప్రమాణాలు తగిలితే ఏదో ఒకటి తప్పని తెలుస్తుంది. పరీక్ష చివర పదినిమిషాల్లో జవాబు మొత్తం చదవడానికి వీలు కాదు. రాశుల పేర్లున్న వాక్యాలను మాత్రం ఇలా చదవవచ్చు. మార్కు పోయేది ఎక్కువగా అక్కడే.

ఈ ఉపాయానికి అందనివీ ఉన్నాయి. నిరోధం, నిరోధకం అన్న మాటల్లో ఒకటి గుణం, రెండోది వస్తువు. “నిరోధకం నాలుగు ఓమ్‌లు” అని రాసినా ప్రమాణం తేడా చూపదు, దిద్దేవారూ పెద్దగా పట్టించుకోరు. శ్రేణి బదులు సమాంతరం రాసినా ప్రమాణాలు మారవు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది: సమాంతరం అన్న మాట చెవికి సమానంలా వినిపించి, సమాంతర సంధానంలో ప్రతి బల్బులోనూ విద్యుత్ ప్రవాహం సమానమని కొందరు రాసేస్తారు. సమానంగా ఉండేది పొటెన్షియల్ భేదం. బల్బుల నిరోధాలు వేరైతే ప్రవాహాలూ వేరవుతాయి.

ప్రమాణానికి అస్సలు దొరకని తప్పు ఈ కాగితంలోనే ఉంది. అదే అయిదో అర మార్కు. పట్టికలో రెండో గడి శీర్షిక చూడండి. “విద్యుచ్చాలక బలం (వోల్టులు)” అని ఉంది. కింద రాసిన రీడింగులు వోల్ట్‌మీటర్‌వి: 1.3, 2.4, 3.3, 4.0. విద్యుచ్చాలక బలానికీ పొటెన్షియల్ భేదానికీ ప్రమాణం వోల్టే, కాబట్టి ప్రమాణం పెట్టి చదివినా తేడా కనబడదు. పేరులో బలం ఉన్నా అది న్యూటన్లలో కొలిచే బలం కాదన్నది ఇంకో తలనొప్పి. వాహకం చివరల మధ్య ఉండేది పొటెన్షియల్ భేదం. ఘటం తన గుండా వెళ్లే ఒక్కో కూలుంబు ఆవేశానికి ఎంత శక్తినిస్తుందో చెప్పేది విద్యుచ్చాలక బలం. అక్కడ మాస్టారు ‘మా’ అనీ రాయలేదు, ‘భా’ అనీ రాయలేదు. పట్టిక పక్కన పెన్సిల్‌తో ఇంకో నిలువు గడి గీశారు.

ఒక్కో ఘటం విద్యుచ్చాలక బలం 1.5 వోల్టులు. శీర్షికలో ఉన్న మాటను అక్షరాలా నమ్మితే దాని కింద రాయవలసినవి 1.5, 3.0, 4.5, 6.0. వీటిని ఆమె అమ్మీటర్ రీడింగులతోనే భాగించి, వచ్చింది కొత్త గడిలో వేశారు. ఒక ఘటానికి సుమారు 4.5 వచ్చింది, రెండింటికి 5.0, మూడింటికి సుమారు 5.5, నాలుగింటికి 6.0. నిష్పత్తి నిలబడలేదు. అంటే శీర్షిక నిజమైతే ఓమ్ నియమం సరిచూడబడలేదు, ఓడిపోయింది. రీడింగులు వోల్ట్‌మీటర్‌వి కాబట్టే నాలుగు దగ్గర నిలబడ్డాయి. ఒక శీర్షిక ప్రయోగం ముగింపునే తలకిందులు చేయగలదని ఇంతకంటే నిక్కచ్చిగా చూపించడం కష్టం. అదీ పిల్ల రాసిన అంకెలతోనే.

ఘటాలతో ఇలాంటి చిక్కే ఓమ్‌కు కూడా ఎదురైంది. 1820ల్లో ఆయన తీగల మీద ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు వాడిన వోల్టా తరహా ఘటాలు నిలకడగా ఉండేవి కావు. ప్రవాహం నడుస్తుండగానే వాటి బలం జారిపోయేది, రీడింగులకు పొంతన కుదిరేది కాదు. తోటి శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహా మీద ఓమ్ ఘటాలు పక్కన పెట్టి, రెండు వేరు లోహాల అతుకులతో చేసిన ఉష్ణయుగ్మం పట్టుకున్నారు. ఒక అతుకు మరిగే నీటిలో, రెండోది మంచులో. ఆ ఉష్ణోగ్రతల తేడా నిలకడగా ఉన్నంతసేపూ దాని విద్యుచ్చాలక బలం కదలదు. అప్పుడు తీగల పొడవులు మారుస్తూ తీసిన రీడింగులు ఒక సూత్రానికి ఒదిగాయి. ఆ సూత్రంలో హారంలో రెండు భాగాలున్నాయి: ఒకటి పరీక్షించే తీగది, రెండోది వలయంలో మిగతా భాగానిది. 1827లో ఆయన పుస్తకం వచ్చింది. హారంలోని ఆ రెండో భాగాన్ని మరిచిపోతే వచ్చే అంకెలే మాస్టారు గీసిన కొత్త గడిలో ఉన్నాయి.

పిల్ల ఆ గడి చూసి, “ఒక్కో ఘటానికి 0.5 పెరుగుతోంది సార్” అందిట. తీగది నాలుగు, మిగిలింది ఒక ఘటానికి అర, రెంటికి ఒకటి, మూడింటికి ఒకటిన్నర, నాలుగింటికి రెండు. ఆ అర ఓమ్ ఎక్కడిదని అడిగితే వలయపటంలో తీగ వైపు చూసింది, అమ్మీటర్ వైపు చూసింది, చివరికి బ్యాటరీ గుర్తు మీద వేలు పెట్టిందిట. అంతర్నిరోధం అన్న పేరు ఇంటర్‌లో చదువుతుంది. కాగితం మీద మాస్టారు ఆ పేరు రాయలేదు. శీర్షిక కొట్టేసి ‘తీగ చివరల మధ్య పొటెన్షియల్ భేదం’ అని రాసి, కొత్త గడి కింద ‘ఘటం లోపల 0.5 ఓమ్’ అని మాత్రం రాశారు.